పైపు పగిలి ఇల్లు తడిసిందా? బూజు పట్టకముందే చేయవలసిన పనులు

ఒకప్పుడు మన పల్లెల్లో ఇంట్లోకి నీళ్లు వచ్చాయంటే వానకు కప్పు కారడమో, కట్టలేరు పొంగడమో కారణం. ఇప్పుడు వినగడపలో కూడా డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, గోడలోపల పైపులు, వంటగదిలో సింకు, స్నానాల గదిలో గీజరు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. సౌకర్యంతోపాటు కొత్త ఇబ్బంది కూడా ఇంట్లోకి వచ్చింది. ఎండకు పెళుసుబారిన ప్లాస్టిక్ పైపు, గోడలో తుప్పుపట్టిన ఇనుప ముక్క, సింకు కింద ఉండే సన్నని కనెక్షన్ పైపు, వీటిలో ఏదో ఒకటి తెగితే ట్యాంకులోని నీళ్లన్నీ ఇంట్లోకే వస్తాయి.

ఉదాహరణకు ఒక ఇంటిని తీసుకుందాం. ఇంటివారంతా తిరువూరులో పెండ్లికి వెళ్లారు. రాత్రి సింకు కింద పైపు ఊడింది. వెయ్యి లీటర్ల నీళ్లు 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గదిలో బయటికి దారి లేకుండా నిలిస్తే సుమారు 4 అంగుళాల ఎత్తు ఉంటాయి. ఆ నీళ్లే హాలులోకి కూడా పారి 250 చదరపు అడుగుల్లో పరచుకుంటే అంగుళంన్నర పైచిలుకు ఉంటాయి. చూడడానికి అది పెద్ద ప్రమాదంలా కనిపించదు. వైపరుతో నెట్టేస్తే గంటలో నేల ఆరిపోతుంది. కష్టం మొదలయ్యేది ఆ తరువాతే. గోడ అడుగు భాగం, మంచం కింది చెక్క, పరుపు, బీరువా అడుగున పెట్టిన కాగితాలు నీళ్లు పీల్చుకొని ఉంటాయి. తడి తగిలినది 24 నుండి 48 గంటలలోగా ఆరకపోతే దాని మీద బూజు మొలవడానికి అవకాశం ఉందని ఆరోగ్య సంస్థలు చెబుతున్నాయి. ఇక్కడ బూజు అంటే మూలల్లో వేలాడే సాలెగూడు అనుకోకండి. నిలవ పచ్చడి మీద, పాత రొట్టె మీద పట్టే శిలీంధ్రం గురించి చెప్పుకుంటున్నాం. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటికి కావలసింది తడి, కాస్త వెచ్చదనం, తినడానికి కాగితమో చెక్కో దుమ్మో. మన ఇళ్లలో చివరి రెండూ ఏడాది పొడవునా ఉన్నవే. కనుక మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే.

అమెరికాలోని టెక్సాస్‌లో 2021 ఫిబ్రవరిలో విపరీతమైన చలి వచ్చింది. కరెంటు పోయి, పైపుల్లో నీళ్లు గడ్డకట్టి, లెక్కలేనన్ని ఇళ్లలో పైపులు పగిలాయి. డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల్లో మన తెలుగువారు ఎందరో ఉన్నారు. ఇక్కడి తల్లిదండ్రులు ఫోన్లు పట్టుకొని కూర్చున్న రోజులవి. అక్కడ చాలా ఇళ్లకు లోపలి గోడలు ఇటుకతో కట్టినవి కావు. కర్ర చట్రానికి జిప్సం పలకలు బిగించి గోడ చేస్తారు. తడిసిన పలకను కోసి పారేసి, లోపలి చట్రాన్ని పెద్ద పంకాలతో, తేమ లాగే యంత్రాలతో ఆరబెట్టి, కొత్త పలక వేస్తారు. మన ఇంటికి ఆ పద్ధతి పనికిరాదు. మనది ఇటుక, సిమెంటు. దానిని కోసి పారేయనక్కరలేదు, అది చెడిపోదు. కాని అది నీళ్లను నెమ్మదిగా పీల్చుకొని అంతకంటే నెమ్మదిగా వదులుతుంది. కాబట్టి అమెరికా పిల్లలు ఫోనులో చెప్పే సలహాలో తొందర పడమన్న భాగాన్ని పాటించండి, గోడ కొట్టేయమన్న భాగాన్ని వదిలేయండి.

మొదట కరెంటు, ఆ తరువాతే నీళ్లు

తలుపు తీయగానే నీళ్లలో అడుగు పెట్టకండి. మెయిన్ స్విచ్ పొడి చోటునుండి అందితే దానిని ఆపండి. నీళ్లలో నిలబడి ఆపవలసివస్తే వద్దు, స్తంభం వద్ద ఆపమని లైన్‌మన్‌ను పిలవండి. చాలామంది మరచిపోయేది ఇన్వర్టరు. మెయిన్ ఆపిన మరుక్షణం అది తన బ్యాటరీ నుండి ఇంట్లోకి కరెంటు పంపుతుంది. కరెంటు పోయిందని ధైర్యంగా నీళ్లలో దిగినవారికి ఆ తీగలోనే ప్రమాదం ఉంటుంది. ఇన్వర్టరును కూడా ఆపిన తరువాతే లోపలికి వెళ్లండి. నేలకు దగ్గరగా ఉన్న ప్లగ్గులు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ తడిసి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేవరకు వాటిని వాడకూడదు. పైకి ఆరినట్టు కనిపించినా మోటారు లోపల తడి ఉండవచ్చు.

తరువాత ట్యాంకు నుండి కిందికి దిగే పైపు మీది గేటు వాల్వు మూయండి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వు బిగుసుకుపోతుంది. అలా అయితే డాబా ఎక్కి ట్యాంకు లోపల ఉన్న పైపు నోటిలో గుడ్డ చుట్టిన కర్ర దూర్చినా నీళ్లు చాలావరకు ఆగుతాయి. మోటారు స్విచ్ వేయవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి, అవి ఏ నీళ్లు? ట్యాంకు నుండి వచ్చినవైతే మంచినీళ్లు, తడిసిన వస్తువుల్లో చాలావాటిని కాపాడుకోవచ్చు. లెట్రిన్ పైపు నుండి గాని, కాలువ వెనక్కి తన్నడం వల్ల గాని వచ్చినవైతే లెక్క వేరు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు వచ్చినది అటువంటి మురికి నీరే. అక్కడ బురదను కడగడానికి అగ్నిమాపక వాహనాలు తేవలసివచ్చింది. మురికి నీళ్లు పీల్చిన పరుపు, దిండు, పిల్లల మెత్తటి బొమ్మలు ఎంత ఖరీదైనవైనా ఉంచుకోకూడదు. మంచినీళ్లయినా మూడు నాలుగు రోజులు ఇంట్లో నిలిచిపోతే వాటిని కూడా మురికినీళ్లలాగే చూడాలి.

గాలి ఎటు పోవాలి?

నిలిచిన నీళ్లను ఎత్తేశాక వెంటనే తడిసిన బట్టలు, చాపలు, గోనెసంచులు, కార్పెట్ వంటివి గది బయటికి తీసుకుపోండి. అవి గదిలోనే ఉంటే వాటినుండి లేచిన ఆవిరి మళ్లీ గోడకే పడుతుంది. బీరువా, మంచం, సోఫా గోడ నుండి అర అడుగు జరపండి. కాళ్ల కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తండి. ఇంట్లో మొదట బూజు కనిపించేది చాలాసార్లు బీరువా వెనుకే, అక్కడ గాలి ఆడదు, ఎవరూ చూడరు.

ఫ్యాను వేస్తే ఇల్లు ఆరుతుందని అందరం అనుకుంటాం. ఇది సగమే నిజం. ఫ్యాను గోడలోని తడిని గాలిలోకి చేరుస్తుంది. ఆ గాలి బయటికి పోకపోతే తడి ఇంట్లోనే తిరుగుతుంది. అందుకని సీలింగ్ ఫ్యానుతోపాటు ఒక టేబుల్ ఫ్యానును కిటికీ దగ్గర, ముఖం బయటికి ఉండేట్టు పెట్టండి. ఎదురుగా ఉన్న తలుపో కిటికీయో తెరవండి. ఒక వైపు నుండి పొడిగాలి వచ్చి, రెండవ వైపు నుండి తడిగాలి పోతుంది. గోడ అడుగు భాగానికి ఇంకొక ఫ్యాను తగిలితే ఇంకా మంచిది. ఫ్యానులు వేసే ముందు ఆ గది కరెంటు లైన్ తడవలేదని నిర్ధారించుకోండి.

అన్ని కాలాల్లో కిటికీలు తెరవడం మేలు చేయదు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో బయటి గాలి వేడిగా, పొడిగా ఉంటుంది. పగలంతా అన్నీ బార్లా తెరచి ఉంచితే పంకాకంటే ఆ గాలే ఎక్కువ పని చేస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన పట్టి ఉన్నప్పుడు బయటి గాలి నిండా తేమే. రాత్రంతా కిటికీలు తెరచి పడుకుంటే తడి ఆరకపోగా పెరగవచ్చు. ఆ రోజుల్లో వాన లేని మధ్యాహ్నం, సుమారు 11 గంటల నుండి 4 గంటల వరకు తెరచి, సాయంత్రం మూయండి. ఇంట్లో ఏసీ ఉంటే ఆ గది తలుపులు మూసి ఏసీని డ్రై మోడ్‌లో నడపండి. బయట దాని పైపు కింద ఒక బకెట్ పెట్టండి. బకెట్లో పడే నీళ్లు గదిలోని గాలి నుండి తీసినవే. రోజురోజుకూ ఆ నీళ్లు తగ్గుతూ ఉంటే గది ఆరుతున్నదని తెలుస్తుంది. తేమను చూపే చిన్న మీటరు కూడా తక్కువ ధరకే దొరుకుతుంది. గదిలో తేమ 60 శాతానికి దిగువన నిలబడితే బూజుకు అనుకూలం కాదు.

ఒక హెచ్చరిక. త్వరగా ఆరాలని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాస్ పొయ్యి వెలిగించి పెట్టడం కూడా తప్పే. గ్యాసు కాలినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది, గదిలో తేమ ఇంకా పెరుగుతుంది.

గోడ ఆరిందని ఎలా తెలుస్తుంది?

చేత్తో తాకి చూసి ఆరింది అనుకోవడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది. పైపొర ఎప్పుడూ ముందు ఆరుతుంది. నీళ్లు నిలిచినది ఒక అంగుళమే అయినా ఇటుక, సిమెంటు పూత నీళ్లను పైకి లాగుతాయి. కిరసనాయిలు దీపంలో వత్తి చేసే పనే అది. అందుకే నీటి మట్టం కంటే అడుగు పైన కూడా తడి కనిపించవచ్చు. లోపలిదాకా నానిన ఇటుక గోడ ఆరడానికి అంగుళం మందానికి సుమారు ఒక నెల అన్నది కట్టడం పనిలో వాడే మోటు లెక్క. ఒక్క రాత్రి నీళ్లు నిలిచిన మన ఉదాహరణ ఇంట్లో గోడ అంత లోతుగా నానదు. అయినా కొన్ని వారాలు పడుతుందని మనసులో పెట్టుకోవాలి.

పరీక్షించడానికి ఖర్చులేని పద్ధతి ఉంది. ఒక అడుగు పొడవు, వెడల్పు ఉన్న పల్చని తెల్ల ప్లాస్టిక్ కాగితాన్ని గోడ అడుగు భాగంలో పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒక రోజు గడిచాక చూడండి. కాగితం లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తే, లేదా దాని కింద గోడ రంగు ముదిరితే, లోపల ఇంకా తడి ఉన్నట్టే. టేపు తీసి ఇంకొక వారం ఆరనిచ్చి మళ్లీ అదే పరీక్ష చేయండి.

గోడ ఆరేటప్పుడు దాని మీద తెల్లటి పొడి వస్తే కంగారు పడకండి. అది చాలాసార్లు గోడలోంచి బయటికి వచ్చిన ఉప్పు. దాని మీద ఒక నీటి చుక్క వేయండి. కరిగిపోతే ఉప్పు. కరగకుండా, నూగులాగా ఉండి, ముగ్గిన వాసన వేస్తే, లేదా నల్లగా పచ్చగా చుక్కలు చుక్కలుగా పాకుతుంటే బూజు. ఉప్పును పొడి బ్రష్షుతో దులపవచ్చు. బూజును మాత్రం ఎన్నడూ పొడిగా దులపకూడదు. అలా చేస్తే బీజాలు గదంతా ఎగిరి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

గోడకు ప్లాస్టిక్ పెయింట్, పుట్టి ఉంటే అది తడిని లోపలే బంధిస్తుంది. ఉబ్బిన, పెచ్చులూడిన భాగాన్ని నీళ్లు చల్లి తడి చేసి గీకి తీసేయండి, సున్నం పూత ఉన్న గోడ దానికదే బాగా ఆరుతుంది. పాత సున్నపు గోడలను చిన్నచూపు చూసేవారు ఈ ఒక్క విషయంలో వాటికి మార్కులు వేయాలి.

కాగితాలు, ఫొటోలు, ఎక్స్‌రేలు

సామానులో మొదటి రోజు చూడవలసినవి కాగితాలే, ఎందుకంటే టీవీ మళ్లీ కొనుక్కోవచ్చు. పట్టాదారు పాస్‌పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, ఆసుపత్రి ఫైలు, కుటుంబ బైబిలు, పెండ్లి ఫొటోలు కొనుక్కోలేం. తడి కాగితం చాలా బలహీనంగా ఉంటుంది. లాగితే చిరుగుతుంది. ఫైలు నుండి ఒక్కొక్క కాగితాన్ని తీసి, శుభ్రమైన బట్ట మీద వెడల్పుగా పరచి నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టండి. ఫ్యాను గాలి సూటిగా కాగితం మీద కొట్టకుండా గదిలో తిరిగేట్టు ఉండాలి. ఎండలో పెడితే సిరా వెలిసిపోతుంది, కాగితం ముడుచుకుపోతుంది. ఇస్త్రీ పెట్టె వాడవద్దు. డాక్టరు చీటీలు, పరీక్షల రిపోర్టులు చదవగలిగే స్థితిలో ఉన్నప్పుడే ఫోనుతో ఫొటో తీసుకోండి.

పుస్తకం అంచులు మాత్రమే తడిస్తే దానిని నిలబెట్టి, ఆకులు విసనకర్రలా విడదీసి ఆరబెట్టవచ్చు. ఆకుల మధ్య అచ్చు వేయని తెల్ల కాగితం పెట్టి, తడిసినప్పుడల్లా మార్చండి. వార్తాపత్రిక కాగితం పెడితే దాని సిరా అంటుకుంటుంది. బైబిలు వంటి పల్చని ఆకుల పుస్తకం మొత్తం నానిపోతే బలవంతంగా ఆకులు విడదీయవద్దు. దానిని మూసిన స్థితిలోనే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టించే అరలో పెట్టండి. వినడానికి వింతగా ఉంటుంది కాని గ్రంథాలయాల వారు తడిసిన పుస్తకాలకు చేసేది ఇదే. గడ్డకట్టిన తడిలో బూజు పెరగదు. మిగతా ఇల్లు చక్కదిద్దుకున్నాక, తీరికగా బయటికి తీసి కొద్ది కొద్దిగా ఆరబెట్టుకోవచ్చు.

ఫొటోలు, పాత ఎక్స్‌రే ఫిల్ములు ఒకదానికొకటి అంటుకొని ఆరితే ఇక విడిపోవు. వాటి మీద జిగురు వంటి పొర ఉంటుంది. అంటుకున్నవాటిని శుభ్రమైన చల్లని నీళ్ల పళ్లెంలో ఉంచి, వాటంతట అవే వదులయ్యాక మెల్లగా వేరుచేయండి. బొమ్మ ఉన్న వైపు వేలు పెట్టకుండా, ఆ వైపు పైకి ఉండేట్టు పరచండి. ఎక్స్‌రేలను మూల వద్ద క్లిప్పుతో తీగకు వేలాడదీయవచ్చు. ఈనాటి కంప్యూటరు ప్రింటర్‌పై తీసిన ఫొటోల రంగు నీళ్లలో కరిగిపోవచ్చు, వాటిని నానబెట్టకండి.

పరుపులు, చీరెలు, బియ్యం

బూరుగుదూది పరుపు తడిస్తే కుట్లు విప్పి దూది బయటికి తీసి, మండే ఎండలో పల్చగా పరచి ఆరబెట్టి, మళ్లీ ఏకించుకోవచ్చు. ఫోమ్ పరుపు సంగతి కష్టం. పైన ఆరినా మధ్యలో తడి అలాగే ఉంటుంది. రెండు మూడు రోజుల మంచి ఎండ దొరకకపోతే, లేదా ముగ్గిన వాసన మొదలైతే, వదులుకోవడమే మేలు. పట్టుచీరెలను తడి మూటగా ఒక్క రాత్రి కూడా ఉంచవద్దు, ఒకదాని రంగు ఇంకొకదానికి పడుతుంది. విడివిడిగా నీడలో ఆరవేయండి. టేకు మంచం నెమ్మదిగా ఆరి మళ్లీ పనికివస్తుంది. రంపపుపొట్టు అద్ది చేసిన రెడీమేడ్ చెక్క సామాను ఒకసారి ఉబ్బితే మళ్లీ సర్దుకోదు.

వంటింట్లో గోనెసంచి అడుగున తడిసిన బియ్యం, పప్పులు, వేరుశనగపప్పు, ఎండుమిరపకాయలు చూడగానే పారేయాలనిపించదు, తెలుసు. ఎండలో పోసి దాచుకుందామనిపిస్తుంది. గంటల వ్యవధిలోనే గమనించి, తడిసిన భాగాన్ని వేరుచేసి, ఆ రోజే వండుకుంటే ఫరవాలేదు. బూజు పట్టినదాన్ని మాత్రం కడిగి, ఎండబెట్టి తినకూడదు. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయాన్ని పాడుచేస్తుంది. ఎండకు గాని, మామూలు వంట వేడికి గాని పూర్తిగా పోదు. పశువులకు పెట్టినా పాలలోకి వస్తుంది. తడిసిన మాత్రల షీట్లు, సీసాలు కూడా ఉంచుకోకండి.

బూజు పట్టేస్తే

3 అడుగుల పొడవు, వెడల్పు మించని మచ్చ అయితే ఇంట్లోవారే తీసుకోవచ్చు. కిటికీలు తెరచి, ముక్కుకు ఎన్‌95 మాస్కు, చేతికి రబ్బరు తొడుగులు వేసుకొని, బట్టల సబ్బు నీళ్లతో తడి చేసి రుద్దండి, వాడిన గుడ్డను సంచిలో మూసి పారేయండి. గచ్చు, టైల్స్ వంటి నున్నని చోట్ల తరువాత బ్లీచింగ్ నీళ్లతో తుడవవచ్చు. బ్లీచింగ్‌లో స్నానాలగది కడిగే యాసిడ్ ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు. రెండూ కలిస్తే విషపు క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరి ఆడదు. అంతకంటే పెద్ద మచ్చ అయితే పనివారిని పిలవండి.

ఈ పని ఎవరు చేయకూడదో కూడా చెప్పుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు, ఇదివరకు క్షయ వచ్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, కేన్సరు మందులు వాడేవారు, స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవారు, చక్కెర అదుపులో లేని మధుమేహ రోగులు, పసిపిల్లలు ఆ గదిలోకే రాకూడదు. 2021లో కోవిడ్ తరువాత వచ్చిన బ్లాక్ ఫంగస్ ఎక్కువగా చక్కెర అదుపు తప్పినవారిలో, స్టెరాయిడ్లు వాడినవారిలో కనిపించిన సంగతి గుర్తుండే ఉంటుంది. గోడ మీది బూజు ప్రతి ఒక్కరికీ ఆ వ్యాధి తెస్తుందని కాదు. ఆరోగ్యవంతులకు సాధారణంగా వచ్చేది తుమ్ములు, కళ్ల దురద, దగ్గు. ఇల్లు తడిసిన తరువాత మొదలైన దగ్గు, పిల్లికూతలు తగ్గకుంటే డాక్టరుకు చూపించేటప్పుడు ఇల్లు తడిసిన విషయం కూడా చెప్పండి. అడగకపోతే చాలామంది చెప్పరు.

చివరగా, పైపు బాగుచేసిన రోజే గోడ పూడ్చనివ్వకండి. మేస్త్రీ తొందరపెడతాడు. కొత్త అతుకు పెట్టాక జిగురు గట్టిపడేదాకా ఆగి, ట్యాంకు నిండా నీళ్లు పట్టి, వాల్వు తెరచి, ఒక రోజంతా అతుకు దగ్గర పొడి కాగితం చుట్టి ఉంచండి. కాగితం తడవకపోతే అతుకు నిలిచినట్టు. ప్లాస్టిక్ కాగితపు పరీక్షలో గోడ కూడా ఆరినట్టు తేలిన తరువాతే సిమెంటు, ఆపైన రంగు వేయించండి.